బాలడ్‌లో కథ, పల్లవి, ఖాళీలు: నోటి పాట ఆనవాళ్లను చదవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ బాలడ్ అంటే ఏ పాట?

ఇంగ్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల్లో ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పాకుతూ వచ్చిన చిన్న కథాగేయం. ఇవాళ సినిమా సంగీతంలో మెల్లగా సాగే ప్రేమపాటను కూడా బాలడ్ అంటున్నారు, దానికీ దీనికీ సంబంధం లేదు. అమెరికా పండితుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882 నుంచి 1898 వరకు ఇలాంటి పాటలను 305 అంకెల కింద అచ్చు వేశాడు. ఒక్కో అంకె కింద దొరికిన పాఠాలను ఒకదాని పక్కన ఒకటి ఏ, బీ, సీ అని పెట్టుకుంటూ పోయాడు. నోటి ఆనవాళ్లు వెతికేవాళ్లకు ఆ పక్కపక్కన పెట్టడమే అసలు పనిముట్టు. ఎందుకో కింద తేలుతుంది.

చరణం చాలావరకు నాలుగు పాదాలది. ఒకటి, మూడు పాదాల్లో నాలుగేసి ఊనికలు, రెండు, నాలుగు పాదాల్లో మూడేసి. ప్రాస రెండో పాదానికీ నాలుగో పాదానికీ మాత్రమే కలుస్తుంది. ఇంకో రకంలో కథ నడిపే పాదాలు రెండే ఉంటాయి, వాటి మధ్య పల్లవి పాదాలు దూరతాయి.

"నోటి పుట్టుక" అన్నప్పుడు ఏం రుజువు చేయాలని చూస్తున్నాం?

ఈ మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి, ముందే విడదీసుకోవాలి. పాట మొదట ఎవరి నోటనో రాత లేకుండా పుట్టిందా అన్నది ఒకటి. ఎలా పుట్టినా, తర్వాత తరాల పాటు జ్ఞాపకం మీదే బతికిందా అన్నది రెండోది. కథ చెప్పే తీరు, పల్లవి, ఖాళీలు మనకు నమ్మకంగా చెప్పేది ఈ రెండోదాన్నే. ఎవరో చదువుకున్నవాడు కాగితం మీద రాసిన పాట కూడా నూరేళ్లు నోళ్లలో నానితే అదే అరుగుదల, అదే నునుపు వస్తాయి. ఏటి గులకరాయిని చూసి అది నీళ్లలో చాలా దూరం దొర్లిందని చెప్పగలం. ఏ కొండ నుంచి విరిగిందో ఆ నునుపు చెప్పదు.

అందుకే పరీక్షలో గానీ వ్యాసంలో గానీ "ఇందులో పల్లవి ఉంది, కాబట్టి ఇది మౌఖికంగా పుట్టింది" అని రాయకూడదు. "ఈ పల్లవి నడిచే తీరు నోటి ప్రసారానికి ఆనవాలు" అని రాస్తే నిలుస్తుంది.

కథ చెప్పే తీరులో ఏం చూడాలి?

ఒక పాట తీసుకుని చూద్దాం. "సర్ పాట్రిక్ స్పెన్స్" చైల్డ్ సంకలనంలో 58వ అంకె. 1765లో థామస్ పెర్సీ తన పాత కవితల సంకలనంలో దీన్ని మొదటిసారి అచ్చు వేశాడు. అందులో పదకొండు చరణాలే ఉన్నాయి.

మొదటి చరణంలో రాజు డన్ఫర్మ్లిన్ పట్టణంలో కూచుని నెత్తురులాంటి ఎర్రటి వైన్ తాగుతున్నాడు, "నా ఓడ నడపడానికి మంచి నావికుడు ఎక్కడ దొరుకుతాడు?" అని అడుగుతాడు. రెండో చరణంలో రాజు కుడి మోకాలి దగ్గర కూచున్న ముసలి యోధుడు లేచి పాట్రిక్ పేరు చెబుతాడు. మూడులో ఉత్తరం రాయడం, సంతకం పెట్టడం, అది ఇసుక మీద నడుస్తున్న పాట్రిక్‌కు చేరడం, అన్నీ నాలుగు పాదాల్లో అయిపోతాయి. నాలుగులో మొదటి పంక్తి చదివి పకపకా నవ్వుతాడు, తర్వాతి పంక్తి చదవగానే కన్నీళ్లు కళ్లు కమ్మేస్తాయి. ఐదులో, ఏడాదిలో ఈ వేళప్పుడు నన్ను సముద్రం మీదికి పంపే ఈ చెడ్డపని ఎవరు చేశారని అడుగుతాడు. ఆరులో "రేపే ప్రయాణం, త్వరగా కానివ్వండి" అంటాడు. ఒక నావికుడు తుఫాను వస్తుందని భయపడతాడు. ఏడులో నిన్న పొద్దుపోయాక పాత చంద్రుణ్ణి ఒడిలో పెట్టుకున్న కొత్త చంద్రుణ్ణి చూశాననీ, మనకు ముప్పు తప్పదనీ ఆ నావికుడే అంటాడు.

ఎనిమిదో చరణంలో ప్రభువులకు కార్క్ మడమల చెప్పులు తడవడం ఇష్టం లేదు. ఆట ముగియకముందే వాళ్ల టోపీలు నీళ్ల మీద తేలుతున్నాయి. తొమ్మిదిలో వాళ్ల భార్యలు విసనకర్రలు పట్టుకుని ఎదురుచూస్తూ కూచున్నారు. పదిలో జడలో బంగారు దువ్వెనలతో నిలబడి ఉన్నారు. పదకొండులో అబెర్డౌర్‌కు సగం దారిలో, యాభై ఫాదమ్‌ల లోతున పాట్రిక్, అతని కాళ్ల దగ్గర ప్రభువులు పడి ఉన్నారు.

ఇప్పుడు కథకుడి కోసం వెతకండి. ఎక్కడా "నేను" లేదు. రాజు మంచివాడో చెడ్డవాడో ఎవరూ చెప్పరు. పాట్రిక్ మనసులో ఏముందో వర్ణన లేదు, నవ్వూ కన్నీళ్లూ మాత్రమే ఉన్నాయి, రెండూ బయటికి కనిపించేవే. పాట చాలా చేతులు మారితే మొదటి కవి సొంత వ్యాఖ్యలు ముందుగా రాలిపోతాయి. తర్వాతి గాయనికి వాటితో పని ఉండదు, కథ నడవడానికి కావలసినదే ఆమెకు గుర్తుంటుంది. ఇదే మొదటి ఆనవాలు.

రెండోది, ఆరో చరణంలో మాట్లాడేవాళ్లు ఇద్దరు. "అని పాట్రిక్ అన్నాడు", "అని నావికుడు అన్నాడు" అనే ముక్కలు లేవు. అచ్చులో కొటేషన్ గుర్తులు లేకపోతే మొదటిసారి చదివేవాళ్లు ఇక్కడ తడబడతారు. పాట వింటే ఆ చిక్కు చాలావరకు విడిపోతుంది. చరణం సగంలో విరుగుతుంది, "నా ప్రభూ" అనే పిలుపే మాట్లాడే మనిషి మారాడని చెప్పేస్తుంది.

మూడోది పడికట్టు మాటలు. వైన్ అంటే నెత్తురంత ఎరుపు, గుర్రం అంటే పాలంత తెలుపు. ఎవరైనా సలహా ఇవ్వాలంటే "లేచి పలికెను" అనే అచ్చు. ఇవి వేరే బాలడ్‌లలోనూ ఇదే రూపంలో దొరుకుతాయి. కవికి కొత్త ఉపమానం దొరకలేదని వీటిని తప్పుపట్టడం తప్పు చదువు. పాడేవాళ్లకు ఇవి చేతికందే ఇటుకలు.

మధ్యలో ఓడ మునగడమే లేదు కదా. అది లోపం కాదా?

ఏడో చరణంలో తుఫాను భయం, ఎనిమిదో చరణం చివర తేలుతున్న టోపీలు. మధ్యలో తుఫాను, మునక, అరుపులు ఏవీ లేవు. రాజు ఓడను ఎక్కడికి, ఎందుకు పంపుతున్నాడో కూడా ఈ పాఠంలో లేదు. ఉత్తరంలో ఏముందో మనకు చదివి వినిపించరు.

కానీ ఎదురుచూసే స్త్రీల దగ్గర పాట రెండు చరణాలు ఆగింది. పదకొండులో రెండు! అమెరికా పండితుడు ఫ్రాన్సిస్ గమ్మెర్ ఈ నడకను గెంతడం, ఆగడం అన్న రెండు మాటల్లో చెప్పాడు. బాలడ్ ఒక దృశ్యం దగ్గర తీరుబడిగా నిలబడుతుంది, తర్వాత దారి చూపకుండా ఇంకో దృశ్యంలోకి దూకుతుంది. ఖాళీని మాత్రమే చూసి ఆగే దృశ్యాన్ని వదిలేస్తే సగమే చదివినట్టు. ఆగిన చోట ఏముందో గమనించండి: కూచున్నారు, నిలబడ్డారు, విసనకర్ర, దువ్వెన. చరణం అచ్చు అదే, రెండు మూడు మాటలే మారాయి. జ్ఞాపకంలో ఇలాంటి జంట చరణాలు గట్టిగా అతుక్కుంటాయి, ఒకటి గుర్తొస్తే రెండోది దాని వెంటే వస్తుంది. వాటి మధ్య దారి చూపే చరణాలకు అలాంటి పట్టు ఏదీ ఉండదు, అవి జారిపోతాయి.

అయితే ప్రతి ఖాళీ నోటి ఆనవాలేనా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఖాళీ మూడు కారణాల వల్ల రావచ్చు.

మొదటిది శైలి వల్ల వచ్చే గెంతు. వినేవాళ్లకు కథ ముందే తెలుసు, లేదా ఇలాంటి కథలు ఎలా నడుస్తాయో తెలుసు, కాబట్టి దారి చెప్పక్కర్లేదు. రెండోది మరుపు. ఒక చరణం జ్ఞాపకం నుంచి పోయింది, మిగిలినవి దగ్గరికి జరిగాయి. మూడోది కత్తెర. సేకరించినవాడో అచ్చు వేసినవాడో బాగుండదనుకున్న భాగాన్ని తీసేశాడు. మొదటి రెండూ నోటి ప్రసారానికి చెందినవి, మూడోది రాతబల్లకు చెందినది. ఒకే పాఠాన్ని ఎంతసేపు చూసినా ఈ మూడింటినీ విడదీయడం కష్టం.

మరి ఎలా విడదీయాలి?

అదే పాట ఇంకో పాఠాన్ని పక్కన పెట్టండి. "సర్ పాట్రిక్ స్పెన్స్"కే వాల్టర్ స్కాట్ 1800ల తొలి ఏళ్లలో తన సరిహద్దు పాటల సంకలనంలో చాలా పొడుగైన పాఠం వేశాడు. అందులో ప్రయాణం నార్వేకి. నార్వే రాజు కూతుర్ని తీసుకురావాలి. సోమవారం బయల్దేరి బుధవారం చేరతారు. అక్కడ కొన్నాళ్లు ఉన్నాక నార్వే ప్రభువులు, మీ స్కాట్‌లు మా రాజు బంగారం తినేస్తున్నారని దెప్పుతారు. పాట్రిక్ కోపంతో తిరుగు ప్రయాణం కట్టిస్తాడు. చంద్రుడి శకునం ఇక్కడ వస్తుంది, బయల్దేరేటప్పుడు కాదు, తిరిగి వచ్చేటప్పుడు. తర్వాత తుఫాను, ఓడ పక్క బోల్టు ఊడడం, ఆ కన్నంలో పట్టుబట్ట, నారబట్ట కుక్కమనడం, అయినా నీళ్లు రావడం.

ఇప్పుడు రెండింటినీ చరణం చరణం పోల్చండి. నార్వే సంగతి, మునిగే దృశ్యం ఒకదాంట్లో ఉన్నాయి, ఒకదాంట్లో లేవు. అంటే పెర్సీ పాఠంలో ఆ రెండు ఖాళీలూ పాటకు పుట్టుకతో వచ్చినవి కాకపోవచ్చు. అవి రాలిపోయి ఉండాలి, లేదా పొడుగు పాఠంలో ఎవరో తర్వాత నింపి ఉండాలి. శకునం చెప్పే చరణం రెండింట్లోనూ ఉంది, కానీ చోటు మారింది. నోటి పాటలో బలమైన చరణం ఊడిపోదు, తనకు వీలున్న చోటికి జరుగుతుంది. చెప్పులు, టోపీలు, ఎదురుచూసే స్త్రీలు, సముద్రం అడుగున ప్రభువులు రెండు పాఠాల్లోనూ ఉన్నారు. పాటకు గుండెకాయ అదే. ఉత్తరంలో ఉన్న మాటలు పెర్సీలో లేవు, చదివినవాడి నవ్వు, కన్నీరే ఉన్నాయి. స్కాట్‌లో మాత్రం నార్వేకి వెళ్లి రాజు కూతుర్ని తీసుకురమ్మనే మాటలు ఒక చరణంగా ఉన్నాయి. కాబట్టి అక్కడి ఖాళీని కూడా శైలి అని ధైర్యంగా అనలేం.

ఒక హెచ్చరిక. పెర్సీ స్కాట్లండ్ నుంచి వచ్చిన రెండు రాతప్రతులను కలిపి తన పాఠం తయారుచేశాడు. స్కాట్ కూడా రెండు ప్రతులనూ, ఒక స్నేహితుడు చెప్పిన చరణాలనూ కలిపాడు. కాబట్టి రెండూ ఏ ఒక్క గాయకుడూ ఒక్కసారిగా పాడినవి కావు. పెర్సీ పాఠం ఆ క్లుప్తతకే ప్రసిద్ధి. ఆ క్లుప్తతలో ఎంత నోటిదో, ఎంత సంపాదకుడిదో తేల్చాలంటే చైల్డ్ 58 కింద ఉన్న మిగతా పాఠాలనూ చదవాలి. నిఖార్సైన మౌఖిక క్లుప్తత అని పెర్సీ పాఠం ఒక్కదాన్నే చూపించే పాఠ్యపుస్తకాలు తొందరపడుతున్నాయి.

కథలో కాలం, దూరం దాటాల్సి వస్తే పాట ఏం చేస్తుంది?

పడికట్టు చరణం వాడుతుంది. స్కాట్ పాఠంలో ఓడ తిరుగు ప్రయాణం కట్టగానే "ఒక లీగు పోలేదు, ఒక లీగు, లీగులు మూడైనా పోలేదు" అనే నడక వస్తుంది, వెంటనే ఆకాశం నల్లబడుతుంది, గాలి హోరెత్తుతుంది. మిగతా బాలడ్‌లలో అదే అచ్చులో లీగు బదులు మైలు ఉంటుంది, ఓడ బదులు గుర్రం ఉంటుంది. మూడు లీగులు అనే లెక్కకు విలువ లేదు, దాన్ని పటం మీద కొలిస్తే ఏమీ రాదు. ఆ చరణం చేసే పని, వినేవాళ్లను ఒక దృశ్యం నుంచి ఇంకో దృశ్యానికి దాటించడం, పాడేవాళ్లకు తర్వాతి మాట గుర్తు తెచ్చుకోవడానికి నాలుగు పాదాల వ్యవధి ఇవ్వడం.

పల్లవిని నోటి ఆనవాలుగా ఎలా చదవాలి?

దీనికి "లార్డ్ రాండల్" (చైల్డ్ 12) మంచి ఉదాహరణ. చైల్డ్ ఏ-పాఠంలో పది చరణాలున్నాయి. ప్రతి చరణంలో తల్లి ఒక ప్రశ్నను రెండుసార్లు అడుగుతుంది, మొదటి పాదం "లార్డ్ రాండల్, నా కొడుకా" అని ముగుస్తుంది, రెండోది "నా అందాల కుర్రాడా" అని. కొడుకు ఒక్క ముక్కలో జవాబు చెప్పి, "అమ్మా, త్వరగా పక్క వెయ్యి, వేటాడి అలిసిపోయాను, పడుకోవాలనుంది" అంటాడు.

చరణంలో కొత్త సమాచారం ఎంతో లెక్కపెట్టండి. ప్రశ్నలో ఒక ముక్క, జవాబులో ఒక ముక్క. మిగతాదంతా తిరిగి వచ్చేదే. ఎక్కడికెళ్లావు? అడవికి. ఎవరు కలిశారు? నా ప్రేయసి. ఏం పెట్టింది? పెనంలో వేయించిన ఈల్ చేపలు. మిగిలింది ఎవరు తిన్నారు? నా డేగలు, వేటకుక్కలు. వాటికేమైంది? కాళ్లు చాపి చచ్చాయి. పాడేవాళ్లు గుర్తుపెట్టుకోవలసింది ఈ ప్రశ్నల వరస మాత్రమే, చరణం మిగతాది దానంతట అదే నిండుతుంది. నోటి పాటకు పల్లవి చేసే పని ఇదే: బరువు తగ్గిస్తుంది, ఊపిరి తీసుకోనిస్తుంది, గుంపు ఉంటే వాళ్లు వంత కలపడానికి చోటిస్తుంది.

ఆరో చరణంలో తల్లి "నీకు విషం పెట్టారేమో" అంటుంది. అక్కడ పల్లవి మారుతుంది. "వేటాడి అలిసిపోయాను" పోయి "గుండెలో బాధగా ఉంది" వస్తుంది. ఐదు చరణాల పాటు మారని పాదం కాబట్టే, ఆ చిన్న మార్పు వినేవాళ్లకు తగులుతుంది. చివరి నాలుగు చరణాలు వీలునామా: తల్లికి పాడి ఆవులు, చెల్లికి వెండిబంగారాలు, తమ్ముడికి ఇళ్లు పొలాలు, ప్రేయసికి నరకం, నిప్పు. ముగ్గురు దగ్గరివాళ్ల తర్వాత నాలుగోది ఎదురు తిరుగుతుంది. వరసగా అదే అచ్చులో వచ్చి, ప్రతిసారి ఒక్క ముక్క మారి, కథను అంగుళం ముందుకు జరిపే ఈ పద్ధతికి గమ్మెర్ పెట్టిన పేరును తెలుగులో "పెరుగుతూ పోయే పునరుక్తి" అనొచ్చు. పల్లవి, ఇది ఒకటి కావు. పల్లవి కథను ఆపుతుంది, ఇది నడుపుతుంది. రాండల్‌లో రెండూ ఒకే చరణంలో కూచున్నాయి కాబట్టి జాగ్రత్తగా విడదీయాలి.

ప్రేయసి విషం ఎందుకు పెట్టింది? ఎక్కడా చెప్పరు. ఇంకో సంగతి, చిన్నపిల్లాడి పాటగా మారిన పాఠాల్లో విషం పెట్టేది సవతి తల్లి. దోషి మారినా ప్రశ్నల చట్రం, పక్క వెయ్యమనే పల్లవి నిలిచాయి. రాతలో ఇది తలకిందులుగా ఉంటుంది: రాసేవాడు ముందు దోషిని ఖాయం చేసుకుంటాడు, మాటలు తర్వాత దిద్దుకుంటాడు.

పల్లవికి కథతో ఏ సంబంధమూ లేకపోతే?

అది ఇంకా మంచి ఆనవాలు. "ఇద్దరు అక్కచెల్లెళ్లు" (చైల్డ్ 10) కథలో అక్క చెల్లెల్ని నీళ్లలోకి తోస్తుంది. ఒక పాఠంలో ప్రతి చరణం రెండో పాదం "బిన్నొరీ, ఓ బిన్నొరీ". ఇంకో పాఠంలో అదే చోట ఎడిన్‌బరా, స్టర్లింగ్ ఊళ్ల పేర్లు. కథ అదే. పల్లవి కథతో కాక రాగంతో కలిసి తిరుగుతుంది, గాయని తనకు తెలిసిన రాగంలో కథను పోసినప్పుడు ఆ రాగం పల్లవి కూడా వచ్చేస్తుంది. ఒకే కథకు వేరే పల్లవులు, ఒకే పల్లవికి వేరే కథలు దొరికితే, ఆ పాట గొంతులో తిరిగిందనడానికి దీనికి మించిన సాక్ష్యం తక్కువ.

ఇలాంటి పల్లవుల్లోని మొక్కల పేర్లకు, అర్థంలేని మాటలకు గుప్తార్థం వెతికేవాళ్లున్నారు. మిగతా పాఠాల్లో అదే చోట ఏముందో చూడకుండా ఆ పని చేయకండి.

నా పుస్తకంలో పల్లవి మొదటి చరణంలోనే ఉంది. తర్వాత లేదు.

కాగితం మిగుల్చుకోవడానికి సంపాదకులు అలా చేస్తారు. చదివేటప్పుడు ప్రతి చరణంలోనూ దాన్ని తిరిగి పెట్టుకోండి, వీలైతే పైకి చదవండి. రెండు పాదాల మధ్య పల్లవి ఉన్నప్పుడు తోయడానికీ మునగడానికీ మధ్య ఒక పాదం సేపు ఆగవలసి వస్తుంది. అచ్చులో ఆ ఆగడం మాయమై, కథ లేని వేగంతో పరిగెడుతున్నట్టు కనిపిస్తుంది. ఆ వేగాన్ని చూసి "ఆకస్మిక ఖాళీ" అని రాసిన వ్యాసాలు ఉన్నాయి.

పల్లవే లేకపోతే అది నోటి పాట కాదా?

పల్లవి లేకపోవడం దేన్నీ రుజువు చేయదు. "సర్ పాట్రిక్ స్పెన్స్"లోనే పల్లవి లేదు.

కవులు రాసిన బాలడ్‌లలోనూ ఇవన్నీ ఉన్నాయి కదా?

ఉన్నాయి, కావాలనే పెట్టారు. 1819లో కీట్స్ రాసిన నిర్దయురాలైన సుందరి కవిత ప్రశ్నతో మొదలవుతుంది, మధ్యలో కారణం చెప్పదు, చివర మొదటి చరణం మాటలే తిరిగి వస్తాయి. అంతకంటే చిక్కైనది "హార్డిక్‌న్యూట్". 1719లో ఇది పాత పాటగా అచ్చయింది. రాసింది లేడీ వార్డ్‌లా అని తర్వాత తేలింది. ఆ అనుమానం ఎంత దూరం పోయిందంటే, 1859లో రాబర్ట్ చేంబర్స్ "సర్ పాట్రిక్ స్పెన్స్" కూడా ఆమె రాసిందేనని వాదించాడు. ఆ వాదన నిలవలేదు. కానీ ఆ అనుమానానికి చోటు ఎందుకు దొరికిందో గమనించాలి: పెర్సీ 1765లో వేయకముందు ఆ పాట అచ్చులో లేదు. నార్వేతో రాచపెళ్లి 1281 నాటిది కాబట్టి పాట కూడా అప్పటిదే అనడం కుదరదు.

ఒక్క పాఠం లోపలి లక్షణాలతో అసలుకూ అనుకరణకూ తేడా తేల్చలేం. తేడా బయట ఉంటుంది. కీట్స్ కవితలో తేడాలు అతను దిద్దుకున్నవి, ఒక చేతివి. రాండల్‌కు చైల్డ్ పదికి పైగా పాఠాలు పెట్టాడు, వాటిని దిద్దిన ఒక్క చెయ్యి లేదు.

వీధుల్లో అమ్మిన అచ్చు పాటల సంగతి?

ఒక పక్క అచ్చు వేసిన కాగితాల మీద అమ్మిన బ్రాడ్‌సైడ్ పాటలు పొడుగ్గా ఉంటాయి. ఊరు, పేరు, కారణం చెబుతాయి, "అందరూ వచ్చి వినండి" అని మొదలై నీతితో ముగియడం మామూలు. ఖాళీలు తక్కువ. అయితే అవి కూడా జనం నోళ్లలోకి వెళ్లాయి, వెళ్లాక ముందుగా ఊడేవి ఆ నీతి చరణాలే. అచ్చు పాఠం, తర్వాత సేకరించిన నోటి పాఠం రెండూ దొరికిన పాటైతే వదలకండి, నోరు పాటను ఏం చేస్తుందో కళ్లముందు కనబడుతుంది.

గాయకులు ప్రతిసారీ కొత్తగా అల్లేవారా, కంఠస్థం చేసేవారా?

1930లలో మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ యుగొస్లావియాలో ఇతిహాస గాయకులను రికార్డు చేసి, వాళ్లు పడికట్టు మాటలతో పాడుతూనే అల్లుతున్నారని చూపించారు. 1972లో డేవిడ్ బుకన్ ఆ సిద్ధాంతాన్ని స్కాట్లండ్ బాలడ్‌లకు పట్టించాడు. అతని ముఖ్య సాక్షి అబర్డీన్‌కు చెందిన అన్నా గోర్డన్ (1747–1810), పెళ్లయ్యాక మిసెస్ బ్రౌన్. ఆమె ఒకే బాలడ్‌ను 1783లో ఒకలా, 1800 ప్రాంతంలో ఇంకోలా ఇచ్చిన సందర్భం ఉంది.

అయినా ఆ సిద్ధాంతాన్ని పూర్తిగా ఒప్పుకోవడం కష్టం. బాలడ్ చిన్నది, చరణం, ప్రాస బిగుతుగా ఉంటాయి, వేల పాదాల ఇతిహాసంలా ఎప్పటికప్పుడు అల్లవలసిన అవసరం లేదు. పైగా అన్నా గోర్డన్ ఆచార్యుడి కూతురు, బాగా చదువుకున్న మనిషి. పాఠాలు చాలావరకు జ్ఞాపకం మీద నడిచాయి, మరిచిన చోట పడికట్టు మాటలతో అతుకు పడింది అనడం సాక్ష్యానికి దగ్గరగా ఉంటుంది.

కొత్త బాలడ్ చేతికొస్తే ఏ క్రమంలో చూడాలి?

ముందు ఆ పాఠం ఎవరు, ఎప్పుడు, ఎవరి నోటి నుంచి రాసుకున్నారో సంకలనం ముందుమాటలో చూడండి. ఒకరు పాడింది రాసుకున్నారా, చాలా ప్రతులు కలిపారా అన్నది మిగతా అన్నిటికంటే ముందు తేలాలి. తర్వాత చరణాలకు అంకెలు వేసి, ఒక్కో చరణానికి పక్కన ఒక్క వాక్యంలో ఏం జరిగిందో రాయండి. రాయడానికి కొత్త సంగతి లేని చరణం దగ్గర "ఆగింది" అని, రెండు వాక్యాల మధ్య అతుకు కుదరని చోట "గెంతింది" అని గుర్తు పెట్టండి.

ఇక రెండో పాఠం, వీలైతే మూడోది, అదే పద్ధతిలో రాసి పక్కన పెట్టండి. గెంతు అన్నిట్లోనూ ఉంటే శైలి. ఒకదాంట్లోనే ఉంటే మరుపో కత్తెరో. కత్తెర అయితే తీసిన భాగం తరచు శృంగారానికో మోటుమాటకో సంబంధించినదై ఉంటుంది, అతుకు నున్నగా ఉంటుంది. మరుపు అయితే అతుకు గరుకుగా ఉంటుంది: ఎవరో తెలియని "అతను" హఠాత్తుగా వస్తాడు, ప్రాస తప్పుతుంది, చరణం ఆరు పాదాలవుతుంది, లేదా ఒక మాటకు అర్థమే ఉండదు.

ఆ చివరిదాన్ని తొందరపడి దిద్దకండి. "బానీ ఎర్ల్ ఆఫ్ మరీ" అనే బాలడ్ (చైల్డ్ 181)లో ప్రభువును చంపి "లెయిడ్ హిమ్ ఆన్ ద గ్రీన్", అంటే పచ్చిక మీద పడుకోబెట్టారు అని ఉంది. అమెరికా రచయిత్రి సిల్వియా రైట్ చిన్నప్పుడు దాన్ని "లేడీ మాండెగ్రీన్" అని విన్నది, ప్రభువుతోపాటు ఒక స్త్రీ కూడా చనిపోయిందనుకుంది. 1954లో ఆమె ఆ సంగతి రాశాక, తప్పుగా విన్న పాట మాటలకు ఇంగ్లీషులో మాండెగ్రీన్ అనే పేరే స్థిరపడింది. చెవిని నమ్ముకున్న పాటలో కొత్త పాత్రలు ఇలా కూడా పుడతాయి. మీ పాఠంలో ఒక్కసారే కనిపించి, మళ్లీ ఎక్కడా రాని పేరు ఉంటే, ఆ పాదాన్ని నాలుగుసార్లు పైకి చదివి, అదే ధ్వనితో ఇంకే మాటలు వస్తాయో రాసుకుని, తర్వాత మిగతా పాఠాల్లో ఆ పాదం వెతకండి.